ముగ్గు మీది, పాకం మాది!

సంక్రాంతి అరిసెలకి ఆర్డర్లు మొదలయ్యాయి
జనవరి 8 లోపు పేరు రాయించుకుంటే కేజీకి 10 శాతం తగ్గింపు

ఇంట్లో అరిసెలు వండాలంటే ఎంత పనో మీకు మేం చెప్పక్కర్లేదు. బియ్యం నానబెట్టాలి, వాడ్చాలి, పిండి ఆరకుండా మర పట్టించాలి, ఆ తర్వాత పొయ్యి దగ్గర ఒకరు కలుపుతుంటే ఇంకొకరు పిండి పోయాలి. ఇప్పుడు ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఈ పండక్కి వాకిట్లో ముగ్గు, భోగి మంట, పిల్లలకి భోగిపళ్లు మీరు చూసుకోండి. పొయ్యి దగ్గర మేం నిలబడతాం.

ఇది పాత సరుకు వదిలించుకునే సేల్ కాదు. తగ్గింపు ఎందుకిస్తున్నామంటే, ఎవరికి ఎన్ని కేజీలు కావాలో ముందే తెలిస్తే బియ్యం, బెల్లం, నెయ్యి అంతకే తెచ్చుకుంటాం, ఏదీ మిగిలిపోదు, ఆ మిగిలే డబ్బులే మీకు తగ్గిస్తున్నాం. పోయిన సంక్రాంతికి భోగి సాయంత్రం ఆరింటికల్లా అరిసెలు అయిపోయాయి. అప్పుడే ఊరి నుంచి దిగి బ్యాగులతో సహా వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపాల్సి వచ్చింది. చాలా బాధేసింది. ఈసారి అలా జరగకూడదు.

మా అరిసెలు ఎలా చేస్తామంటే

బియ్యం ముందురోజే నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి ఉండగానే పిండి పట్టి జల్లిస్తాం. పొడిపిండి కలపం. కలిపితే పని సులువే గానీ రెండో రోజుకే అరిసె పెళుసెక్కిపోతుంది. బెల్లం పాకం కుదిరిందో లేదో చూడ్డానికి మా దగ్గర ఇప్పటికీ చిన్న గిన్నెలో చన్నీళ్లే. ఒక్క చుక్క అందులో వేసి వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి, పళ్లేనికి కొడితే ఠంగున మోగితే ముదిరిపోయినట్టు. లేత పాకమైతే అరిసె నూనెలోనే విడిపోతుంది, ముదిరితే పెద్దవాళ్లు కొరకలేరు. ఆ రెంటి మధ్య ఉండేది ఒక్క నిమిషమే కాబట్టి పాకం దగ్గరున్న మనిషిని ఆ టైంలో ఎవ్వరూ పలకరించరు, ఫోన్ మోగినా తీయరు. నువ్వులద్ది, వేయించి, రెండు చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కి నూనె తీసేశాకే బుట్టలో వేస్తాం. కాగితం మీద పెట్టి చూడండి, జిడ్డు మరక ఎంత అంటుతుందో మీకే తెలుస్తుంది.

ధరలు (కేజీకి, జీఎస్టీ కలిపి)

నువ్వుల అరిసెలు: 500 రూపాయలు, ముందు ఆర్డర్‌కి 450
నేతి అరిసెలు: 700, ముందు ఆర్డర్‌కి 630
నేతి సున్నుండలు (పొట్టు మినుములు, బెల్లం): 800, ముందు ఆర్డర్‌కి 720
తొక్కుడు లడ్డు: 760, ముందు ఆర్డర్‌కి 684
కజ్జికాయలు: 520, ముందు ఆర్డర్‌కి 468
వాముతో జంతికలు: 400, ముందు ఆర్డర్‌కి 360

మా సైజు అరిసెలు కేజీకి 22 నుంచి 24 దాకా తూగుతాయి. పావుకేజీ అయినా సంతోషంగా ఇస్తాం.

తొక్కుడు లడ్డుని బందరు లడ్డు అని ఎందుకు రాయలేదని అడుగుతున్నారు. చేసే పద్ధతి అదే, శనగపిండిని జంతికల్లా వేసి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో నెయ్యి పోస్తూ తొక్కడమే. కానీ బందరు లడ్డుకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ పేరు బందరులో చేసేవాళ్లది. మనం గుంటూరులో చేసి ఆ పేరు పెట్టుకోవడం న్యాయం కాదు. పూతరేకులు కూడా మేం చేయం, ఆత్రేయపురం నుంచే తెప్పిస్తాం, వాటి మీద తగ్గింపు లేదు. వాటికి రేకు తీసే ఆడవాళ్ల కూలి తగ్గించి మీకు తక్కువకి ఇవ్వడం మాకు ఇష్టం లేదు.

సారె బుట్ట: 2,600 రూపాయలు

కొత్త అల్లుడు వస్తున్నా, అమ్మాయిని అత్తారింటికి పంపుతున్నా ఇది మీకోసమే. నువ్వుల అరిసెలు రెండు కేజీలు, సున్నుండలు, తొక్కుడు లడ్డు, జంతికలు తలా ఒక కేజీ, వెదురు బుట్టతో సహా. విడివిడిగా తీసుకుంటే తగ్గింపు పోను కూడా 2,664 అవుతుంది. బుట్ట మీద పసుపు, కుంకుమ పొట్లం మేమే పెట్టిస్తాం. సారె అంటే లెక్క చూసుకుంటారు కదా, అరిసెలు ఇన్ని ఉండాలి అని మీ ఇంటి ఆనవాయితీ ఉంటే చెప్పండి, బరువుతో కాకుండా లెక్కపెట్టి ఇస్తాం.

తూకం మాట

డబ్బా బరువు స్వీటు ధరలో కలపం. ముందు ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి, సున్నా చూపించి, అప్పుడే స్వీటు వేస్తాం. హడావిడిలో మా కుర్రాళ్లు ఎవరైనా మర్చిపోతే అక్కడే ఆపి అడగండి, ఏమీ అనుకోం. ప్రతి ట్రే ముందు ఎప్పటిలోపు తినాలో తేదీ రాసి ఉంటుంది. అరిసెలు పదిహేను రోజులు నిక్షేపంగా ఉంటాయి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, గట్టిపడిపోతాయి. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా చాలు, తడి చెయ్యి తగలకూడదు. ఇంకొక్క మాట, బెల్లంతో చేశాం కదా షుగర్ ఉన్నవాళ్లకి ఏం కాదని మేం ఎప్పటికీ చెప్పం, వాళ్లకి బెల్లం కూడా తీపే. నాన్నగారికో అమ్మగారికో ఒక అరిసె తుంచి సగం పెట్టండి.

ఆర్డర్ ఎలా?

కౌంటర్ దగ్గరికి వచ్చి పేరు, ఎన్ని కేజీలు, ఏ రోజు కావాలి అని మూడే చెప్పండి. సగం డబ్బు కట్టి చీటీ తీసుకోండి, ఫోన్‌పే చేసినా సరే. మా పాత బిల్లు ఉన్నవాళ్లు దాని మీదున్న నంబర్‌కి వాట్సాప్‌లో రాసినా చాలు. జనవరి 10 వరకు మనసు మారితే కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేస్తాం, ఆ తర్వాత అయితే అప్పటికే మీ బియ్యం నానేసి ఉంటాం కాబట్టి ఇవ్వలేం. 8వ తేదీ దాటాక వచ్చినా అరిసెలు ఉంటాయి, తగ్గింపే ఉండదు.

సరుకు ఇచ్చేది 2026 జనవరి 11 నుంచి 15 వరకు, ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. హైదరాబాద్, బెంగళూరు తీసుకెళ్లేవాళ్లు బస్సు టైం ముందే చెబితే అట్టపెట్టెలో గట్టిగా ప్యాక్ చేసి ఉంచుతాం, దానికి వేరే డబ్బులు లేవు. చీటీ ఉన్నవాళ్లకి లైను వేరే, పెద్దవాళ్లు కూర్చోవడానికి లోపల కుర్చీలు వేయిస్తున్నాం.

మీ మిఠాయి కొట్టు, బ్రాడీపేట 4వ లైను, గుంటూరు. భోగి రోజు, అంటే 14న, తెల్లారి 5 గంటలకే తీస్తాం. మంట దగ్గర్నుంచి నేరుగా వచ్చేయండి, మొదటి వాయి వేడివేడిగా ఉంటుంది.