మూడో తరగతి 'బి' సెక్షన్ అమ్మానాన్నలకు సంక్రాంతి శుభాకాంక్షలు

అందరికీ నమస్కారమండీ!

భోగి మంటలో మన టెన్షన్లన్నీ కాలిపోవాలి. సంక్రాంతి నాడు మన పిల్లల పతంగులు పిట్టగోడ దాటి పైకి లేవాలి. కనుమకి గారెలు ఒక్కటి కూడా మిగలకూడదు. మీకు, మీ ఇంటిల్లిపాదికీ భోగి, సంక్రాంతి, కనుమ శుభాకాంక్షలు!

బిజీగా ఉన్నవాళ్లకి మెసేజ్ ఇక్కడితో అయిపోయింది. ఒక దండం బొమ్మ పెట్టేసి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పొయ్యి మీద బెల్లం పాకం పెట్టి ఫోన్ చూస్తున్నవాళ్లు మాత్రం దయచేసి ఇప్పుడే ఆపేయండి. అరిసెల పాకం మీకోసం ఆగదు. ఉండపాకం దాటిందంటే ఆ అరిసెలతో పిల్లలు క్రికెట్ ఆడుకోవాల్సిందే.

కింద రాసిందంతా పంతంగి టోల్‌గేట్ దగ్గర క్యూలో ఉన్నవాళ్ల కోసం. విజయవాడ హైవే మీద ఈ మూడు రోజులు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు చదవొద్దు, పక్క సీట్లోవాళ్లు చదివి వినిపించండి.

భోగి

అపార్ట్‌మెంట్ కింద మంట వేసేటప్పుడు పాత కుర్చీ కాళ్లు, విరిగిన చీపురు కర్ర, చెదలు పట్టిన చెక్కలు వేయండి. మొదటి టర్మ్‌లో పిల్లలు చేసిన సౌర కుటుంబం థర్మాకోల్ ప్రాజెక్టు మాత్రం వద్దు. అది ఎంత అడ్డంగా ఉందో నాకూ తెలుసు, మా బీరువా మీద శని గ్రహం ఇంకా వేలాడుతూనే ఉంది. కానీ థర్మాకోల్ కాలితే వచ్చే పొగ పొద్దున్నే ఎవరి ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ప్లాస్టిక్, టైర్లు కూడా అంతే.

మన పిల్లలు భోగిపళ్లు పోయించుకునే వయసు దాటేశారు, చిల్లర ఏరుకునే వయసు మాత్రం దాటలేదు. ఇంట్లో చిన్న చెల్లో తమ్ముడో ఉంటే రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు వాళ్ల తల మీద పడతాయి. నాణేలు మాత్రం నేలకి తగలకముందే మనవాళ్ల జేబుల్లో ఉంటాయి. సాయంత్రం జేబులు ఒకసారి తడిమి చూడండి. నలిగిన రేగిపండు యూనిఫాం ప్యాంటులో ఉండిపోతే బడి తెరిచే రోజుదాకా అది అక్కడే పండగ చేసుకుంటుంది.

సంక్రాంతి

అసలు సంగతి ఇదే. ఊరెళ్లకుండా సిటీలోనే ఉన్నవాళ్లు పెద్ద పండగ రోజు మధ్యాహ్నం మూడింటికి మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి రండి. వాచ్‌మన్ అన్నకి 'మూడో తరగతి బి' అని చెబితే చాలు, తాళం తీస్తాడు. మా మేడకి పిట్టగోడ నడుము ఎత్తు దాకా ఉంది, అయినా ప్రతి ఇంటి నుంచీ పెద్దవాళ్లు ఒకరైనా రావాలి. పిల్లల్ని లిఫ్ట్ దగ్గర దింపేసి 'గంటలో వస్తా' అనే స్కీమ్ ఈసారి లేదు!

పతంగులు నేను ధూల్‌పేట నుంచి తెప్పిస్తున్నాను. కాగితానివే, తోకలున్నవి కొన్ని, లేనివి కొన్ని. మొదటిసారి ఎగరేసేవాళ్లకి తోకది ఇవ్వండి, గిరగిరా తిరిగి నేల కొట్టకుండా నిలబడుతుంది. గాలి వీపుకి తగిలేలా నిలబడాలి, పతంగి మన ముందువైపు లేవాలి. ఇంట్లో అన్నీ తెలిసిన నాన్నలు సరిగ్గా ఈ ఒక్కదాన్ని మర్చిపోయి, గాలి వీచే వైపుకే పరిగెత్తించి, పిల్లాణ్ని ఆయాసపెట్టి, చివరికి 'గాలే లేదు' అని తీర్పు ఇచ్చేస్తారు.

మాంజా విషయంలో ఒక్కమాట, ఇది మాత్రం సరదాకి కాదు. చైనా మాంజా అని అమ్మే నైలాన్ దారం ఎవరూ తేవద్దు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా దాన్ని నిషేధించింది. అయినా ప్రతి జనవరిలోనూ బైకు మీద వెళ్లేవాళ్ల మెడకి అది కోసుకుందన్న వార్త చదువుతూనే ఉన్నాం. నూలు దారం ఎక్కడో ఒకచోట తెగుతుంది. నైలాన్ అంత తేలిగ్గా తెగదు, చెట్టు మీదే నెలల తరబడి ఉండిపోయి పక్షుల రెక్కలకి చుట్టుకుంటుంది. మేం పిల్లలకి గాజుపొడి పూయని సాదా నూలు దారమే ఇస్తున్నాం. దానితో కోతలు పడవు, నిజమే. పతంగి కోయలేకపోయామన్న బాధకి నువ్వులుండలు ఉన్నాయి. బైకు మీద వచ్చేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని, మెడకి స్కార్ఫో మఫ్లరో చుట్టుకుని రండి.

కరెంటు తీగలకో మెట్రో లైన్‌కో చిక్కుకున్న పతంగిని వదిలేయాలి. కర్ర పెట్టి లాగడం, దారానికి రాయి కట్టి విసరడం మన చిన్నప్పుడు మహా వీరత్వం. ఇప్పుడు దాన్ని మనం పిల్లలకి చూపించక్కర్లేదు. పది రూపాయల పతంగి అది, ఇంకోటి ఉంది. చీకటి పడే వేళకి పక్షులు గూళ్లకి మళ్లుతాయి కాబట్టి ఐదున్నరకే చరఖాలు చుట్టేద్దాం.

మన గ్రూపులో మొఘల్‌పురా నుంచి వచ్చే నాన్న ఒకాయన ఉన్నారు కదా, పేచీలు ఎలా వేస్తారో చూపిస్తానని మాటిచ్చారు. ఢీల్ ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు లాగాలి అని ఆయన బస్‌స్టాప్‌లో చెబుతుంటే పిల్లలు బస్సు ఎక్కడమే మర్చిపోయారు. ఆయన చూపుడు వేలికి ముందుగానే టేపు చుట్టుకుని వస్తారు. దాన్నిబట్టే తెలిసిపోతుంది, ఆయన ప్రొఫెషనల్, మనమంతా ప్రేక్షకులం. అహ్మదాబాద్ అమ్మగారు మాకు ఉత్తరాయణ్ అంటే మామూలు విషయం కాదని అప్పుడే సవాలు విసిరారు. చరఖా పట్టుకునే డ్యూటీకి నేను పేరు ఇచ్చేశాను, ఆ పోస్టు ఇక ఖాళీ లేదు.

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండగకి వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లిరండి, అక్కడ పతంగులతో పాటు మిఠాయిల స్టాళ్లు కూడా పెడుతుంటారు. పిల్లలకి ఒకటే చెప్పండి, అక్కడ ఎగిరే అంత పెద్ద పతంగి మన మేడ మీద సాధ్యం కాదు, ఏడ్చి లాభం లేదు.

ఇక సకినాలా, అరిసెలా అనే పంచాయితీ. డిసెంబర్ నుంచి ఈ గ్రూపులో నడుస్తూనే ఉంది, హోంవర్క్ డౌట్లకి కూడా ఇన్ని రిప్లైలు రాలేదు. నా తీర్పు వినండి: రెండూ తెచ్చినవాళ్లే గెలిచినట్టు. సకినాలు చుట్టడం ఎవరైనా చూపిస్తే పిల్లలకి అది పతంగి కంటే బాగా నచ్చుతుందని నాకు గట్టి నమ్మకం. మా పక్క ఫ్లాట్ పెద్దమ్మ వస్తానన్నారు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద పరిచిన బట్ట మీద వేళ్లతోనే పిండిని మెలిపెట్టుకుంటూ గుండ్రంగా తిప్పుతారు. ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. మనం కూర్చుంటే రెండో చుట్టుకే అది సకినం నుంచి వానపాము అయిపోతుంది. చుట్టినవి కాసేపు ఆ బట్ట మీదే ఆరాలి, ఆ తర్వాతే నూనెలోకి. ఆ ఆరే సమయంలో పిల్లల్ని దూరంగా ఉంచడమే అసలు కష్టం.

తినేవి తెచ్చేవాళ్లు డబ్బా మూత మీద రెండు సంగతులు రాయండి. ఒకటి మీ పిల్లల పేరు, ఎందుకంటే పోయిన స్టీలు డబ్బాల వేట ఈ గ్రూపులో ఇక చాలు. రెండోది అందులో నువ్వులు, పల్లీలు, జీడిపప్పు ఏమున్నాయో. మన క్లాసులో నువ్వులు పడని బాబు ఒకడున్నాడు, సంక్రాంతి వంటల్లో నువ్వులు లేనివి వెతకడం అంటే పాపం వాళ్లమ్మకి పెద్ద పరీక్షే. వాడికోసం నేను గరిజెలు చేస్తున్నాను, లోపల కొబ్బరి, బెల్లం మాత్రమే. చక్కెర పొంగలి తమిళ అమ్మగారి చేతిది, జీడిపప్పు విడిగా తెస్తామన్నారు.

ఎవరైనా పిల్లలు 'సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14కో 15కో ఎందుకు వస్తుంది, దీపావళి ఎందుకు అలా రాదు' అని అడిగితే, మన పండగల్లో ఎక్కువవాటికి చంద్రుడి లెక్క, దీనికి సూర్యుడు మకర రాశిలోకి వెళ్లే లెక్క అని చెప్పండి. అంతకంటే లోతుగా అడిగితే నువ్వులుండ నోట్లో పెట్టండి, కాసేపు మాట రాదు.

కనుమ

కనుమ నాడు మినుము తినాలి అన్నారు పెద్దలు, కాబట్టి గారెల విషయంలో చర్చ లేదు. కనుమ నాడు కాకి కూడా కదలదు అని కూడా అన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు అవకాశం ఉంటే పిల్లల చేత ఆవు కొమ్ములకి పసుపు, కుంకుమ పెట్టించండి. ఇక్కడి పిల్లలకి ఆవు అంటే పాల ప్యాకెట్ మీద బొమ్మే. ఒక ఫోటో తీసి పెడితే మిగతా పిల్లలకి కూడా చూపిస్తాం.

తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది మీ ఇష్టం. కాకపోతే సెలవులు అయ్యాక ఒకరోజు ఆలస్యంగా వచ్చేవాళ్లు టీచర్‌కి రాసే లీవ్ లెటర్‌లో కాకి ప్రస్తావన తేవద్దు. పోయిన ఏడాది ఒకరు తెచ్చారు, టీచర్ ఇంకా నవ్వుతూనే ఉన్నారు, సెలవు మాత్రం ఇవ్వలేదు.

మేడ మీదికి వచ్చేవాళ్లు భోగి రోజు రాత్రిలోపు ఇక్కడే ఒక పతంగి బొమ్మ పెట్టండి, ఎంతమంది వస్తే అంత చాయ్ పెట్టిస్తాను. సకినాలు తెచ్చేవాళ్లు రెండు బొమ్మలు పెట్టండి, మీకు ముందు వరసలో కుర్చీ.

ఉంటానండీ,
నాలుగో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే అబ్బాయి వాళ్ల అమ్మ