చిత్రిక: 8 సెకన్ల క్లిప్‌కు ప్రాంప్ట్

8 సెకన్ల వీడియో. 16:9, సెకనుకు 24 ఫ్రేములు. మొదలు నుంచి చివరి దాకా ఒకే షాట్, మధ్యలో కట్ లేదు, స్లో మోషన్ లేదు. నిజమైన కెమెరాతో తీసినట్టు సహజంగా ఉండాలి.

చిన్న వడ్రంగి పనిగది, తెల్లవారిన కాసేపటికి. అరవై దాటిన వడ్రంగి ఒకడు పనిబల్ల వెనక నిలబడి, లేత రంగు పలకను చిత్రిక పడుతున్నాడు. సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, రెండు రోజుల గడ్డం. మోచేతుల దాకా మడిచిన వెలిసిన నీలం చొక్కా, ముంజేతుల మీద అంటుకున్న రంపపు పొట్టు. వెనక మసకగా, సగం పూర్తయిన చిన్న ఉయ్యాల తొట్టె కనిపించాలి. అది ఫోకస్‌లోకి రాకూడదు, చూసేవాళ్ల కంటికి తగిలితే చాలు. ఆయన చిత్రిక పడుతున్న పలక ఆ తొట్టెదే.

కెమెరా బల్ల ఎత్తులో, పలక చివర, ఆయనకు ఎదురుగా ఉంది. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/2, వెనకంతా మెత్తగా మసకబారాలి. కదలిక ఒక్కటే: నెమ్మదిగా, ఒకే వేగంతో ముందుకు డాలీ, 8 సెకన్లలో సుమారు 40 సెంటీమీటర్లు. జూమ్ వద్దు, పక్కకు తిరగడం వద్దు, చేతిలో పట్టుకున్న కుదుపు వద్దు. మొదట ఆయన నడుము పైభాగం, పలక మొత్తం ఫ్రేములో ఉంటాయి. చివరికి చెయ్యి, పలక, వంగిన ముఖం మాత్రమే మిగులుతాయి.

0 నుంచి 3 సెకన్లు: రెండు చేతులతో చిత్రికను కెమెరా వైపు ఒకే ఊపున నెడతాడు. బలం భుజాల్లోంచి, నడుములోంచి రావాలి, మణికట్టు బిగుసుకుని ఉండాలి. చిత్రిక నోట్లోంచి పలచటి చెక్క పొర తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తుంది. ఎండ దాని గుండా పారి అది తేనె రంగులో వెలగాలి. ఫోకస్ చిత్రిక మీదే.

3 నుంచి 4: ఎడమ చేత్తో చిత్రికను బల్ల మీద పక్కకు ఒరిగించి పెడతాడు, బ్లేడు మొద్దుబారకుండా. ఈ అలవాటు తప్పకుండా కనిపించాలి. పని తెలిసిన మనిషి అని చెప్పేది అదే.

4 నుంచి 5.5: వంగి, పెదాలు ముడిచి పలక పొడవునా ఒక్కసారి ఊదుతాడు. సన్నటి పొట్టు లేచి ఎండలోకి వెళ్తుంది, వెలుగుతుంది, మెల్లగా కిందికి దిగుతుంది. పొగలా, మంచులా కాదు. బరువున్న రేణువుల్లా, ఒక్కొక్కటి విడిగా.

5.5 నుంచి 8: కుడి అరచేతిని పలక మీద ఆనించి మెల్లగా కెమెరా వైపు జరుపుతాడు. ఫోకస్ చేతితో పాటే వస్తుంది. మధ్యలో ఒకచోట ఆగి, బొటనవేలితో అదే చోటు మళ్లీ తడిమి చూస్తాడు. కళ్లు చేతి వైపు కాదు, ఎటూ కాకుండా కాస్త పక్కకు ఉంటాయి, వేళ్లతో వింటున్నట్టు. ఈ క్లిప్‌కు ప్రాణం ఈ రెండున్నర సెకన్లే, మిగతాదంతా దీని కోసమే. చేతికి ఐదు వేళ్లు, గట్టిపడిన కణుపులు, బొటనవేలి గోరు కింద పాత నల్లమచ్చ. వేళ్లు చెక్కలో కరిగిపోకూడదు, చెయ్యి ఆనిన చోట నీడ ఉండాలి.

వెలుతురు ఒకే కిటికీ నుంచి: ఫ్రేముకు ఎడమవైపు, ఆయనకు కాస్త వెనక. దుమ్ము పట్టిన అద్దం గుండా వాలుగా పడే పొద్దుటి ఎండ, వెచ్చని రంగు, సుమారు 3500 కెల్విన్. గదిలో దీపాలేవీ లేవు. కుడివైపు గోడ నుంచి తిరిగొచ్చే కొద్దిపాటి చల్లని వెలుగు తప్ప ముఖంలో ఆ సగం నీడలోనే ఉండాలి, కానీ కన్ను కనిపించాలి. నీడలన్నీ కుడికి, కెమెరా వైపు పడాలి. కిటికీ తెల్లగా కాలిపోకూడదు.

భావం: తొందరలేని శ్రద్ధ. ఆయన నవ్వడు, కెమెరా వైపు చూడడు, నిట్టూర్చడు. లోపలి ఆనందం ముఖంలో కన్నా చేతి నెమ్మదిలో తెలియాలి. నవ్వు పెడితే ప్రకటనలా అయిపోతుంది, అది వద్దే వద్దు.

రంగులు: చెక్క పసుపు, వెలిసిన నీలం, గోడ బూడిద రంగు. పెద్దగా పెంచిన కాంట్రాస్ట్ వద్దు, చర్మం నున్నగా చేయవద్దు, ముడతలు అలాగే ఉండనివ్వాలి.

శబ్దం: చిత్రిక సాగే సర్ర్‌మనే చప్పుడు, ఒక ఊపిరి, తర్వాత చెక్క మీద అరచేయి రాసుకునే సన్నటి శబ్దం. సంగీతం లేదు, మాటలు లేవు, తెర మీద అక్షరాలు లేవు.

చెయ్యి ఇంకా పలక మీద ఉండగానే, కెమెరా ఇంకా కదులుతుండగానే క్లిప్ ఆగిపోవాలి.