విషయం: జూనియర్ అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు – కె. లావణ్య, బీకాం (2025)

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నమస్కారం. గుంటూరులోని మీ కోల్డ్ స్టోరేజీ కార్యాలయంలో జూనియర్ అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని ఈ నెల 6న మీరిచ్చిన పత్రికా ప్రకటన చూసి దరఖాస్తు చేస్తున్నాను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యమని అందులో ఉంది. నేను ఇంతవరకు ఎక్కడా ఉద్యోగం చేయలేదు కనుక ఆ మాట ముందే చెప్పడం న్యాయం.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ 2025లో 8.1 సీజీపీఏతో పూర్తిచేశాను. ఆ తరువాత మూడు నెలలు టాలీ ప్రైమ్ నేర్చుకున్నాను. వోచర్ ఎంట్రీ, బ్యాంకు రీకన్సిలియేషన్, జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులకు కావలసిన వివరాలు సిద్ధం చేయడం వచ్చు. అయితే ఇవన్నీ నమూనా లెక్కల మీద చేసినవే.

నిజమైన డబ్బుతో నాకున్న పరిచయం మా అమ్మ సభ్యురాలిగా ఉన్న పొదుపు సంఘం లెక్కలు మాత్రమే. రెండేళ్లుగా ఆ పది మంది సభ్యుల పొదుపు, అప్పు వాయిదాలు, వడ్డీ నేనే రాస్తున్నాను. గత దీపావళి నెలలో నగదు పుస్తకానికీ బ్యాంకు పాస్‌బుక్కుకూ 90 రూపాయల తేడా వచ్చింది. తలా తొమ్మిది రూపాయలు వేసి సరిచేద్దామని అందరూ అన్నా నేను ఒప్పుకోలేదు. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారై ఉండవచ్చని తరగతిలో విన్న మాట గుర్తొచ్చి, పద్దులన్నీ వరుసగా పోల్చి చూడగా, 540 రాయవలసిన చోట 450 రాసిన నా తప్పే బయటపడింది. ఎర్ర సిరాతో దిద్ది, పక్కన తేదీ వేసి, సభ్యుల ముందే చదివి వినిపించాను.

మాది నల్లపాడు. మిర్చి రైతు కుటుంబం కనుక టిక్కీ, కాటా, పట్టీ వంటి మాటలు నాకు కొత్త కావు. స్టోరేజీ అద్దె పద్దులో ఒక్క బస్తా తప్పిపోతే రైతు ఎంత తిరగవలసి వస్తుందో ఇంట్లో చూశాను. ఫిబ్రవరి నుంచి కొత్త పంట దిగే రోజుల్లో ఆలస్యంగా ఉండి పనిచేయడానికి ఇంట్లో అభ్యంతరం లేదు. ఆంగ్లంలో ఉత్తరాలు రాయగలను గానీ ఫోనులో ధారాళంగా మాట్లాడటం ఇంకా సాధన చేస్తున్నాను.

రెజ్యూమే, డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల జాబితా, టాలీ సర్టిఫికెట్ పీడీఎఫ్‌లుగా జతచేశాను. నా ఫోను నంబరు రెజ్యూమే మొదటి పేజీలో ఉంది. మీరు వీలు చూసుకుని ఏ రోజు రమ్మన్నా అసలు పత్రాలతో వస్తాను. ముందు ఒక పాత నెల పద్దులు ఇచ్చి పరీక్షించదలచుకున్నా సంతోషమే. ఎంపికైతే మరుసటి రోజు నుంచే విధుల్లో చేరగలను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. లావణ్య
నల్లపాడు, గుంటూరు