కాలనీ నీళ్ల సర్వే – 9వ తరగతి పిల్లలకి కొన్ని ఐడియాలు

పిల్లలూ, శనివారం నుంచి మన సర్వే మొదలు, ముగ్గురేసి ఒక టీమ్, ఒక్కో టీమ్‌కి పది ఇళ్లు. వెళ్లేముందు ఇది ఒకసారి చదవండి.

"రోజుకి ఎన్ని లీటర్లు వాడతారు ఆంటీ" అని మాత్రం అడగొద్దు, ఎవరికీ తెలీదు, ఏదో ఒక నంబర్ చెప్పేస్తారు, మనం అది రాసుకొచ్చి గ్రాఫ్ గీస్తే లాభం లేదు. వాళ్లకి తెలిసిన లెక్కలోనే అడగండి. స్నానానికి ఎన్ని బకెట్లు, బట్టలకి ఎన్ని, వాకిలి కడగడానికి ఎన్ని. వాళ్ల బకెట్ ఎంత పడుతుందో లీటర్ బాటిల్‌తో పోసి చూడండి, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటుంది.

మోటార్ ఉన్న ఇంట్లో ఇంకా ఈజీ. పైన నల్ల ట్యాంకు మీద లీటర్లు రాసి ఉంటాయి. ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, రోజుకి ఎంతసేపు మోటార్ వేస్తారు అని అడిగితే చాలు. 1000 లీటర్ల ట్యాంకు 40 నిమిషాల్లో నిండితే నిమిషానికి 25 లీటర్లు, మిగతాది మీ లెక్కల సార్ చెప్పిందే. వచ్చింది ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించండి. సిటీల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని ఒక ప్రమాణం ఉంది, జల్ జీవన్ మిషన్‌లో పల్లెలకి 55 పెట్టారు, మన కాలనీ ఎక్కడుందో చూద్దాం.

నీళ్లు ఎక్కడివో కూడా రాయండి, నల్లావా, బోరువా, ట్యాంకరా, క్యానా. అందరం మంజీరా నీళ్లు అనేస్తాం కానీ హైదరాబాద్‌కి ఇప్పుడు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి కూడా వస్తున్నాయి, అంత దూరం నుంచి పంపులతో ఎత్తి తెస్తున్నారు. బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలంలో ఆగిపోతుందా అని పెద్దవాళ్లని అడగండి, పాత సంగతులు వాళ్లే చెప్తారు.

కారే నల్లా కనిపిస్తే వదలకండి. కింద గ్లాసు పెట్టి 10 నిమిషాలు ఆగండి. 50 మిల్లీలీటర్లు పడినా రోజుకి 7 లీటర్లు దాటుతుంది. ఫిల్టర్ ఉన్న ఇంట్లో పక్క పైపు నుంచి పోయే నీళ్లు కూడా కొలవండి, ఒక లీటర్ మంచినీళ్లు పట్టేలోపు ఎంత పోయిందో, ఆ నీళ్లు దేనికైనా వాడుతున్నారా లేక సింక్‌లోకేనా.

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది: అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ కుటుంబాన్ని, గల్లీ చివర రేకుల ఇళ్లవాళ్లని వదిలేయొద్దు. నీళ్లు ఎవరు పడతారు, ఎన్ని గంటలకి లేస్తారు, నీళ్లు రాని రోజు ఏం చేస్తారు అని అడగండి. ఎక్కువసార్లు అమ్మనో, మీ వయసు అమ్మాయో ఉంటుంది, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు, ఇల్లు 1, ఇల్లు 2 అని చాలు. వద్దన్న ఇంటికి థాంక్స్ చెప్పి వచ్చేయండి. సంపు మూత తీసి తొంగి చూడొద్దు, ట్యాంకు చూడ్డానికి నిచ్చెన ఎక్కొద్దు. సోమవారం నోటుబుక్కులు తీసుకురండి.