జల ఉష: విశాఖ కట్టిన ఓడ (ప్రాజెక్టు వీడియో, 50 సెకన్లు)

దృశ్యం: డాల్ఫిన్స్ నోస్, ఓడరేవు ఫొటో, 5 సెకన్లు.
వ్యాఖ్యానం: 1941 జూన్ 21. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన ఓడల కర్మాగారానికి విశాఖలో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు.

దృశ్యం: బంగాళాఖాతం పటం, విశాఖ దగ్గర ఎర్రచుక్క. (వేరే ఊరి బాంబుల ఫొటో పెట్టొద్దు, చూసేవాళ్లు మన ఊరిదే అనుకుంటారు.)
వ్యాఖ్యానం: పది నెలలు తిరక్కముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి.

రెండు సెకన్లు మాట, సంగీతం ఏవీ వద్దు.

దృశ్యం: జలప్రవేశం ఫొటో, మెల్లగా దగ్గరికి. తేదీ తెరపై 4 సెకన్లు. తక్కువైతే వెనక బెంచీ చదవలేదు.
వ్యాఖ్యానం: 1948 మార్చి 14. ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా, ఆ కర్మాగారంలో కట్టిన ఓడ జల ఉష నీళ్లలోకి జారింది.

దృశ్యం: నేటి షిప్‌యార్డ్ ద్వారం.
వ్యాఖ్యానం: 1952లో ఆ కర్మాగారమే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది.