వెయ్యి ఇళ్ల వంటగదుల్లో మా గానుగ నూనె

2021 విజయదశమి నాడు కదిరిలో ఒకే ఒక్క కట్టె గానుగతో మొదలైన మా చిన్న దుకాణం గత శనివారం వెయ్యవ ఖాతాదారు పేరును రిజిస్టరులో రాసుకుందని మీ అందరికీ ఎంతో సంతోషంతో తెలియజేస్తున్నాము.

ఈ లెక్కను ఎలా వేశామో ముందుగా చెప్పాలి. ఒక్కసారి కొని వెళ్లిన వారిని కూడా కలిపితే ఈ సంఖ్యను ఏడాది క్రితమే దాటి ఉండేవాళ్లం. కానీ నూనె రుచి, వాసన, నిలవ తెలిసేది సీసా ఖాళీ అయిన తరువాతే కనుక, రెండోసారి వచ్చి కొన్నవారి పేర్లనే మేము లెక్కలోకి తీసుకుంటున్నాము. శనివారం వచ్చిన ఉపాధ్యాయురాలు మొదటిసారి అర లీటరు నువ్వుల నూనె తీసుకెళ్లారు. ఈసారి ఆవకాయకని అయిదు లీటర్లు అడిగారు. ఏడాదంతా ఉండాల్సిన పచ్చడికి మా నూనెను నమ్మారంటే మాకు అంతకు మించిన ప్రశంసాపత్రం లేదు.

మొదటి నెలల్లో కొన్నవారిలో ఎక్కువమంది బంధువులు, ఇరుగుపొరుగువారే. అంగట్లో దొరికే నూనె కన్నా మాది ఖరీదెందుకని అడిగిన ప్రతి ఒక్కరికీ లెక్క విప్పి చెబుతూ వచ్చాము, ఇప్పుడూ అదే చెబుతున్నాము. ఒక వాయికి 15 కిలోల వేరుశెనగ పప్పు వేస్తే మడ్డి దిగిన తరువాత చేతికి వచ్చేది సుమారు ఆరు లీటర్లు, అంటే లీటరుకు రెండున్నర కిలోల పప్పు. పప్పు కిలో 130 రూపాయలు ఉన్నప్పుడు లీటరులో సరుకు విలువే 325 రూపాయలవుతుంది. నూనె తీయగా మిగిలిన చెక్క అమ్మగా వచ్చేది అందులోంచి తీసివేసి, కూలి, కరెంటు, సీసా ఖర్చులు కలిపి 340 రూపాయలకు ఇస్తున్నాము. పప్పు ధర తగ్గిన రెండు సందర్భాల్లో మీరు అడగకముందే ధర తగ్గించాము.

ఈ ప్రయాణంలో మా వల్ల జరిగిన ఒక పొరపాటును ఈ సందర్భంలో దాచిపెట్టదలచుకోలేదు. 2023 వానల్లో సరిగా ఆరని కాయలను తొందరపడి ఒలిపించి గానుగకు వేశాము. నాలుగు రోజులకే నూనెలో ముక్కవాసన వచ్చింది. ఆ వాయిల నూనె తీసుకున్న 63 ఇళ్లకు ఫోన్ చేసి, సీసాలు వెనక్కి తెప్పించుకుని, డబ్బు తిరిగి ఇచ్చాము. చెమ్మ ఉన్న కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుట్టే ప్రమాదం ఉంది కనుక అది వాసనతో పోయే విషయం కాదు. అప్పటి నుంచి కాయలో తేమ తొమ్మిది శాతానికి మించితే బస్తాను లోపలికి రానివ్వడం లేదు. ఆ 63 ఇళ్లలో 51 ఇళ్లవారు ఈరోజు ఈ వెయ్యిమందిలో ఉన్నారు. వారికి మేము ప్రత్యేకంగా ఋణపడి ఉన్నాము.

కదిరి-6 రకం కాయను ఎండబెట్టి, మట్టి లేకుండా తెచ్చి ఇస్తున్న చుట్టుపక్కల పల్లెల రైతులకు, నువ్వుల వాయిలో తాటిబెల్లం ఎప్పుడు వేయాలో చేతి స్పర్శతోనే చెప్పగల మా గానుగ పెద్దాయనకు, పప్పులో పుచ్చులు ఏరే నలుగురు అక్కలకు, అనంతపురం, హిందూపురం, బెంగళూరుల్లో తమ ఇరుగుపొరుగుకు మా గురించి చెప్పిన మీకు హృదయపూర్వక ధన్యవాదాలు.

వచ్చే ఏడాదిలో చేయదలచుకున్న పనుల్లో మొదటిది నువ్వులకు విడిగా రెండో గానుగ. ఇప్పుడు ఒకే రోలును కడిగి, ఆరబెట్టి మార్చుకోవడం వల్ల నువ్వుల నూనెకు మీరు వారం ఎదురుచూడవలసి వస్తోంది. వచ్చే ఆవకాయల కాలానికి ముందే అది తిరగాలని మా పట్టుదల. ప్రతి నెలా నూనెను ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ ఫలితాన్ని దుకాణం గోడ మీద అంటించడం, 40 మంది రైతులతో విత్తే ముందే ధర మాట్లాడుకోవడం కూడా అనుకున్నాము. మరో ఊరిలో శాఖ తెరవమని కొందరు ప్రేమతో అడుగుతున్నారు. వాయి వాయినీ మా కళ్లతో చూసుకోలేని చోట మా పేరు పెట్టడానికి ఇప్పట్లో మాకు మనసు ఒప్పడం లేదు.

కృతజ్ఞతగా ఈ నెలాఖరు వరకు దుకాణానికి వచ్చే ప్రతి పాత ఖాతాదారుకు అర కిలో తెలగపిండి ఉచితంగా ఇస్తున్నాము. మునగాకు మీ పెరట్లో ఉంటే కూర ఆ పూటే వండుకోవచ్చు. ఆదివారాలు ఉదయం ఏడు గంటలకు మొదటి వాయి వేస్తాము. పిల్లలను తీసుకుని రండి, గానుగ తిరగడం దగ్గరుండి చూపిస్తాము.