మీ ఇంటి నీళ్లకు ఏది నప్పుతుంది? నాలుగు పోలిక పోస్టులు

పోస్టు 1: కాచిన నీళ్లు, ప్యూరిఫైయర్ నీళ్లు

కాచి చల్లార్చిన నీళ్లు తాగే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అది మంచి అలవాటు. నీళ్లు కళపెళా మరిగాక ఒక నిమిషం అలాగే ఉంచితే జబ్బులు తెచ్చే బ్యాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు చచ్చిపోతాయి. సూక్ష్మక్రిముల విషయంలో మా మెషీన్ అంతకంటే గొప్ప పని చేస్తుందని మేం చెప్పం.

తేడా వచ్చేది నీళ్లలో కరిగి ఉన్న వాటి దగ్గర. లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ఎంత మరిగించినా పోవు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీళ్లలో వాటి శాతం కాస్త పెరుగుతుంది కూడా. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు చిన్నప్పటి నుంచీ తాగితే పిల్లల పళ్ల మీద మచ్చలు వస్తాయి. మోతాదు మరీ ఎక్కువై, ఏళ్ల తరబడి తాగితే ఎముకలూ దెబ్బతింటాయి. ఆర్‌ఓ పొర ఇలా కరిగిన వాటిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. బోరు నీళ్లు తాగే కుటుంబాలకు మేం ఆర్‌ఓ గురించి చెప్పేది ఇందుకే.

రెండోది ఇంటి పని. కాచడం, చల్లార్చడం, వడకట్టడం, బిందెలో పోసి మూత పెట్టడం రోజూ ఎవరో ఒకరి మీద పడుతుంది, సాధారణంగా అమ్మ మీదే. ప్యూరిఫైయర్ ఉంటే బడి నుంచి వచ్చిన పిల్లలు తామే గ్లాసు పట్టుకుని తాగుతారు.

ఇంట్లో పాలపొడి తాగే పసిబిడ్డ ఉంటే మాత్రం ప్యూరిఫైయర్ నీళ్లనైనా మరిగించే వాడండి. పొడిలోనే క్రిములు ఉండే అవకాశం ఉంది. అందుకే కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీళ్లతో పాలు కలిపి, చల్లార్చి పట్టాలి.

పోస్టు 2: మా దగ్గరున్న రెండు మోడళ్లలో మీకు ఏది?

ఒకటి యూవీ మోడల్, ఇంకొకటి ఆర్‌ఓ ప్లస్ యూవీ. రెండోదాని రేటు ఎక్కువ. అంతమాత్రాన అది అందరికీ మంచిదని కాదు.

ముందు మీ నీళ్ల టీడీఎస్ చూద్దాం. అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం. అది 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచి సాధారణంగా బాగానే ఉంటుంది. 1000 దాటితే తాగడం కష్టమవుతూ వస్తుంది. టీడీఎస్ తక్కువగా ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి హద్దులో ఉన్నాయని ల్యాబ్ పరీక్షలో తేలితే యూవీ మోడల్ చాలు. అతినీలలోహిత కాంతి క్రిముల డీఎన్ఏను దెబ్బతీసి వాటిని పెరగనివ్వదు. నీళ్లు వృథా కావు, రుచీ మారదు. నీళ్లు మడ్డిగా ఉంటే ఆ కాంతి లోపలికి సరిగా వెళ్లదు కాబట్టి ముందు మట్టిని, క్లోరిన్ వాసనను తీసేసే ఫిల్టర్లు పెట్టాం.

ఆర్‌ఓ మోడల్‌లో కొన్ని నీళ్లు బయటికి పోతాయి. మా మెషీన్‌లో లీటరు మంచినీళ్లకు సుమారు లీటరున్నర. ఈ మాట కొనే ముందే చెప్పడం మా బాధ్యత. ఆ నీళ్లు బకెట్లో పట్టుకుంటే ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి పనికొస్తాయి.

టీడీఎస్ మీటర్ క్రిములను చూపించదు. అంకె తక్కువ వచ్చిందని నీళ్లు శుభ్రమని అనుకోకండి.

పోస్టు 3: ఐదుగురున్న ఇంటికి ట్యాంకు సరిపోతుందా?

తాగడానికి మనిషికి రెండు మూడు లీటర్లు, వంటకు మరికొన్ని. ఐదుగురికి రోజుకు పాతిక లీటర్లు అనుకోండి. మా ట్యాంకు ఎనిమిది లీటర్లది, మెషీన్ గంటకు పదిహేను లీటర్లు తీస్తుంది. ఖాళీ ట్యాంకు అరగంట దాటేసరికి నిండుతుంది. బియ్యానికి, పప్పుకు నీళ్లు పట్టాక ఎవరికో దాహమైనా టెన్షన్ లేదు.

కరెంటు పోతే ట్యాంకులో ఉన్నవి వాడుకోవచ్చు, కొత్తవి రావు. గంటల తరబడి కోతలుండే ఇల్లయితే పెద్ద ట్యాంకున్న మోడల్ అడగండి. బంధువులు దిగే పండుగ రోజుల్లో ముందే ఒక బిందె పట్టి పెట్టుకోవడం మంచిది.

పోస్టు 4: ఫిల్టర్ మార్చే ఇల్లు, మార్చని ఇల్లు

ఒకే మోడల్ రెండు ఇళ్లలో ఒకేలా పనిచేయదు. ఫిల్టర్లు సమయానికి మార్చి, ట్యాంకు కడిగించే ఇంట్లో నీళ్లు బాగుంటాయి. కార్బన్ ఫిల్టర్‌ను మార్చకుండా వదిలేస్తే అందులోనే బ్యాక్టీరియా పెరగవచ్చు. మా మెషీన్‌లో ఎర్ర లైటు వెలిగితే మార్చే వేళ అయిందని అర్థం. రుచి మారేదాకా ఆగొద్దు.

ఏ మోడల్ తీసుకోవాలో తేల్చుకోలేకపోతే మీ ఇంటి నీళ్ల ల్యాబ్ రిపోర్టు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో మాకు మెసేజ్ చేయండి. ప్యూరిఫైయర్ అవసరం లేదనిపిస్తే ఆ మాటే చెబుతాం.